మూతల మీద సీటు నంబర్లు

కప్పులన్నీ ఖాళీగా తిరిగి వచ్చిన రోజున సంతోషించవలసింది పోయి, పాంట్రీ అక్కకు మనసులో ఏదో కలుక్కుమంది.

మొదటి వారమంతా సగం సగం తిని వదిలేశారు. కొందరైతే మూత కూడా తియ్యలేదు. అలాంటిది ఒక్కసారిగా అందరికీ అంత ఆకలి ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్క శనగ గింజ లేదు, ఒక్క ఆపిల్ ముక్క లేదు. కడిగినట్టున్నాయి కప్పులు. ఇరవై ఏళ్ళు ఆస్పత్రి వంటగదిలో పనిచేసిన మనిషి ఆవిడ. ఎంత ఇష్టంగా తిన్నవాడి గిన్నెలోనైనా అడుగున ఏదో ఒక ముక్క మిగులుతుంది. తిన్న గిన్నె వేరు, దులిపిన గిన్నె వేరు. ఆ తేడా ఆవిడ చేతికి తెలుసు.

ఆ ఆఫీసులో ఆవిడకు అసలు పేరు ఉన్నట్టు ఎవరికీ తెలియదు. మూడో అంతస్తులో, నీళ్ళ మిషను పక్కన ఉన్న చిన్న గదిని పాంట్రీ అంటారు కనుక ఆవిడ పాంట్రీ అక్క అయింది. ఆవిడను పెట్టుకున్నది హెచ్ఆర్ మేడమ్. ఒక నెల చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం, లేకపోతే బిస్కెట్ల మిషను పెట్టేస్తాం అని ముందే చెప్పింది. ఆస్పత్రి వాళ్ళు వంటగదిని బయటి కంపెనీకి అప్పగించి పాతవాళ్ళను పంపేశాక ఆవిడకు దొరికిన మొదటి పని ఇది. ఈ వయసులో మళ్ళీ గుమ్మాలెక్కి పని అడిగే ఓపిక లేదు. ఆ నెల మీదే ప్రాణం పెట్టుకుంది.

ఆ ఆఫీసు పని కూడా విచిత్రమైనదే. మిక్సీలు, ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు కొన్నవాళ్ళు గ్యారంటీ కింద పెట్టుకున్న ఫిర్యాదులన్నీ అక్కడికి వస్తాయి. "దానంతట అదే ఆగిపోయింది" అని రాసినవాడు నిజంగా దాన్ని నీళ్ళలో ముంచాడా, కింద పడేశాడా అని తేల్చడం అక్కడివాళ్ళ ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడేమోనని కళ్ళు చికిలించి చూస్తూ కూర్చోవడమే. అలా చూసి చూసి మధ్యాహ్నం నాలుగయ్యేసరికి అందరికీ నీరసం. చిప్స్, తీపి బిస్కెట్లు, పంచదార దట్టించిన కాఫీ. ఓ గంట హుషారు, ఆ తరువాత మళ్ళీ ఆవులింతలు. తప్పులు దొర్లేవి కూడా ఆ ఆవులింతల వేళలోనే.

దీనికి ఏం చెయ్యాలో పాంట్రీ అక్కకు బాగా తెలుసు. మధ్యాహ్నపు చిరుతిండి కడుపులో కాసేపు నిలబడాలి. నిలబడాలంటే ప్రోటీన్ ఉండాలి, పీచు ఉండాలి. అలాగని రాత్రి భోజనం అంత ఉండకూడదు. నూట యాభై, రెండు వందల కేలరీల మధ్యలో ఆగాలి. ఒకరోజు దోరగా వేయించిన శనగలు, వాటితో ఓ పండు. ఒకరోజు ఉడికించిన గుడ్డు, చెక్కుతోనే ఉన్న ఆపిల్. గుడ్డులో ప్రోటీన్ ఉంది గాని పీచు లేదు. ఆపిల్‌లో పీచు ఉంది గాని ప్రోటీన్ లేనట్టే. రెండూ ఒక కప్పులో ఉంటే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. ఒకరోజు గట్టి పెరుగులో జామపండు ముక్కలు, పంచదార లేకుండా. ఒకరోజు క్యారెట్ ముక్కలు, అద్దుకోవడానికి ఉడికిన శనగల ముద్ద. నాలుగు కొట్టక ముందే, ఆకలి ముదరక ముందే ఇవ్వాలి. పక్కన పెద్ద గ్లాసు నీళ్ళు పెట్టాలి. పీచు తిని నీళ్ళు తాగకపోతే కడుపు బిగుసుకుపోతుంది.

వేరుశనగపప్పు ఇచ్చిన రోజున మాత్రం ఆవిడ కాటా తీసింది. గుప్పెడు తీసుకోమంటే ఒకరి గుప్పెడు ఇంకొకరి దోసెడంత ఉంటుంది. పప్పు మంచిదే, కానీ నూనె గింజ. రెండు గుప్పెళ్ళు పడ్డాయంటే చిరుతిండి కాస్తా భోజనమై కూర్చుంటుంది. అందుకని ఒక్కో కప్పూ తూచి, మూత పెట్టి, మూత మీద సీటు నంబరు రాసింది. కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయికి వేరుశనగ పడదు. ఒక్క గింజ తగిలినా పెదవులు వాచిపోతాయి. ఆ కారణం చేతనే తోటివాళ్ళు సరదాగా ఆ అమ్మాయికి 'పల్లీ' అని పేరు పెట్టారు. పల్లీ కప్పు తప్పిపోకూడదు. ఒక కప్పుకు నంబరు రాసిన చెయ్యి అన్నిటికీ రాసింది, ఆ రోజు నుంచి రోజూ రాసింది. ఆస్పత్రిలో అంతే కదా. పళ్ళెం మీద మంచం నంబరు ఉంటుంది, తిరిగి వచ్చిన పళ్ళెంలో ఎంత మిగిలిందో తూస్తారు. ఏ రోగి తినలేకపోతున్నాడో డాక్టరుకు తెలియాలి కదా. ఇక్కడ కూడా సాయంత్రం కప్పులు రాగానే ఆవిడ చేతులు వాటంతట అవే కాటా మీదకు వెళ్ళేవి.

ఇలా మూడు రోజులు ఖాళీ కప్పులే వచ్చాక, వాటి గుట్టు ముక్కుకు తెలిసింది.

"అక్కా, ఏంటీ కంపు?" అంటూ పల్లీ పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని పాంట్రీలోకి వచ్చింది. "ప్రింటరు దగ్గర నిలబడలేకపోతున్నాం. ఎలకేదో చచ్చినట్టుంది."

ఇద్దరూ కలిసి ప్రింటరును పక్కకు లాగారు. వెనకాల గోడకూ బల్లకూ మధ్య ఎలక లేదు. ఉడికించిన గుడ్లున్నాయి. ఒకటి కాదు, వరసగా పేర్చినట్టు కొన్ని. అక్క పక్కనున్న పూలకుండీలో మట్టి వేలితో కదిపింది. శనగలు తేలాయి.

"అయ్యో!" అంది పల్లీ. "నేను మాత్రం తిన్నానక్కా. ఒట్టు."

"ఒట్టెందుకమ్మా? నేనేమన్నా అడిగానా?"

అడగలేదు గాని, ఆ క్షణం నుంచి అందరి మొహాలూ ఆవిడకు వేరుగా కనబడసాగాయి. బాగుందక్కా అని తల ఊపే కుర్రాడు ఎక్కడ పారేశాడో. థాంక్స్ అంటూ నవ్వే ఆవిడ సొరుగులో ఏం దాచిందో. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు. చాటుమాటుగా పారెయ్యడం దేనికి? కిందనున్న బిస్కెట్ల కొట్టువాడు ఎవరినైనా ఉసిగొల్పాడా? తను వచ్చాక వాడి బేరం పడిపోయిందని లిఫ్టు దగ్గర మూతి ముడుచుకోవడం ఆవిడ చూసింది కూడా.

జవాబు ఆ మధ్యాహ్నమే, గోడ అవతలి నుంచి వచ్చింది. నీళ్ళ మిషను దగ్గర ఎవరు మాట్లాడుకున్నా పాంట్రీలోకి వినబడుతుంది. గొంతు భూతద్దం బాబాయిది. ఆ ఆఫీసులో అందరికంటే పాతవాడు. కాలిపోయిన వైరు ఫోటో చూసి, కాలిందా కాల్చారా అని చెప్పగల మనిషి. పేరు అలా వచ్చింది.

"పోయిన నెల మన మెడికల్ ఇన్సూరెన్స్ రేటు పెరిగిందని మెయిలొచ్చిందా, లేదా?" అంటున్నాడాయన.

"వచ్చింది బాబాయ్."

"వెంటనే ఫ్రీగా శనగలొచ్చాయా, లేదా?"

"వచ్చాయి."

"మూత మీద మన సీటు నంబరెందుకు? సాయంత్రం తలుపేసుకుని ఆవిడ తూకం వేసేదేంటి? పప్పు తిన్నవాడెవడు, వదిలేసి కిందకెళ్ళి కేకు మింగినవాడెవడు... అంతా పైకెళ్తుంది. రేపు నీకు గుండె నొప్పొస్తే, 'మేం పీచు పెట్టాం, నువ్వు తినలేదు' అంటారు. నీ క్లెయిము గోవిందా! మనం జనానికి చేసేది అదేగా? మనకి చెయ్యరనేంటి?"

"అయితే తినేద్దాం బాబాయ్, గొడవుండదు."

"తింటే ఇంకోటి. వీడికి ఆరోగ్యం మీద అంత శ్రద్ధెందుకు, లోపలేదో రోగముందంటారు. ఖాళీ కప్పు పంపు, అంతే. నువ్వు తిన్నావో లేదో వాళ్ళకి తెలీకూడదు."

పాంట్రీ అక్కకు చెవుల్లో సీసం పోసినట్టయింది. తలుపు తీసుకుని వెళ్ళి ఆయనను నిలదీయాలనిపించింది. కానీ ఏమని? తలుపు వేసుకుని తూచిన మాట నిజమే. ఏసీ గాలికి కాటా ముల్లు ఊగుతుందని తలుపు వేసుకుంది. ఇప్పుడా మాట చెబితే ఎవరు నమ్ముతారు?

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు క్యారెట్లు చెక్కుతోంది. కోడలికి ఈ పని దొరికిన దగ్గర్నుంచి ఆవిడే తొలి రుచి చూసేది. ముందున్న పళ్ళు రెండూ పోవడంతో శనగలు ఎంత దోరగా వేయించాలో తేల్చేది కూడా ఆవిడే. కోడలు జరిగినదంతా చెప్పి, "వాళ్ళ బాగు కోసం చేస్తే నన్ను దొంగను చేశారత్తయ్యా" అని కళ్ళు తుడుచుకుంది.

"అదలా ఉంచు. నంబరెందుకేశావే?"

"ఆస్పత్రిలో అలాగే వేసేవాళ్ళం కదా."

"ఆస్పత్రిలో మంచం మీద పడుకున్నవాడు, నాకేమైందో చూడండి మహాప్రభో అని తనే వచ్చి పడుకుంటాడు. వీళ్ళెవరైనా నిన్ను చూడమన్నారా?"

"వాళ్ళ మేలుకేగా..."

"నేను నాలుగు ముద్దలు తింటే నువ్వు లెక్కెడితే నాకెలా ఉంటుంది? మేలుకేనని ఊరుకుంటానా? ఆ రోజే మా చెల్లెలింటికి పోతాను."

కోడలికి కోపం వచ్చింది. ముసలావిడ ఎప్పుడూ ఎదుటివాళ్ళ వైపే మాట్లాడుతుంది. పక్కకు తిరిగి కూర్చుంది గాని, ఆ మాట మాత్రం చీరలో దిగిన ముల్లులా రాత్రంతా ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. అయినా తన తప్పు ఆ నంబరు ఒక్కటే. పైవాళ్ళకు చెప్పడమనేది బాబాయి బుర్రలో పుట్టిన కట్టుకథ. మర్నాడు అందరి ముందూ ఆ సంగతి తేల్చేస్తే సరిపోతుంది అనుకుంది.

మర్నాడు ఆవిడ నోరు తెరవకముందే హెచ్ఆర్ మేడమ్ పిలిచింది. గాజు గోడల గది. లోపల ఏం మాట్లాడినా బయటికి వినబడదు, కానీ అందరికీ కనబడుతుంది.

"మీ పద్ధతి చాలా బాగుందండీ," అంది మేడమ్ నవ్వుతూ. "నంబర్లు వేస్తున్నారట, తూస్తున్నారట. నాకు తెలీనే తెలీదు. నెలాఖరుకి ఆ వివరాలిస్తారా? సీటు వారీగా, ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు."

పాంట్రీ అక్క వెంటనే అడిగింది, "దేనికి మేడమ్?"

"ఊరికే. పైవాళ్ళడుగుతారు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఏదో రాయితీ ఇస్తారట, స్టాఫ్ ఆరోగ్యంగా తింటున్నారని చూపిస్తే. మనకే మంచిది. పేర్లక్కర్లేదు, సీటు నంబర్లు చాలు."

"సీటు నంబరు తెలిస్తే పేరు తెలిసినట్టే కదా మేడమ్?"

మేడమ్ నవ్వు కొంచెం తగ్గింది. "మీకెందుకండీ అదంతా? మీ కాంట్రాక్ట్ సంగతి కూడా అప్పుడే చూద్దాం."

గాజు గోడ అవతల భూతద్దం బాబాయి కుర్చీ తిప్పుకుని మరీ చూస్తున్నాడు. ఆయన చూపులో కోపం లేదు. చూశావా, నేను చెప్పలా అన్న తృప్తి ఉంది. దానికంటే కోపమే నయమనిపించింది పాంట్రీ అక్కకు. ఆయన కట్టింది కథే. కానీ ఆ కథకు సరిపోయే వస్తువులన్నీ, నంబరూ, కాటా, మూసిన తలుపూ, తానే తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఇప్పుడు ఈ మేడమ్ వచ్చి అదే కథను నిజం చేస్తానంటోంది.

ఏ సీటువాళ్ళు ఎంత వదిలేశారో ఆవిడ ఎక్కడా రాసుకోలేదు. ఆవిడకు గుర్తుంటుంది, అంతే. ఆస్పత్రిలో వార్డు మొత్తం గుర్తుండేది. కావాలంటే అప్పుడే కూర్చుని మేడమ్‌కు గడగడా అప్పజెప్పగలదు. అప్పజెబితే ఉద్యోగం నిలుస్తుంది, ఆ మాట మేడమ్ చెప్పకుండానే చెప్పింది. అయినా "చూస్తాను మేడమ్" అని మాత్రం అని బయటికి వచ్చేసింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం హాలు మధ్యలో ఉన్న పొడుగు బల్ల మీద కప్పులు లేవు. నాలుగు పెద్ద గిన్నెలున్నాయి. ఒకదానిలో శనగలు, ఒకదానిలో సగానికి కోసిన గుడ్లు, ఒకదానిలో ఆపిల్ ముక్కలు, ఒకదానిలో వేయించిన గుమ్మడి గింజలు. దేని గరిటె దానికే. ఖాళీ కప్పులు, మూతలు లేకుండా, ఒక పక్కన దొంతరగా. కాటా కూడా బల్ల మీదే, అందరికీ కనబడేలా.

ఎవరూ లేవలేదు. కీబోర్డుల చప్పుడు మాత్రం ఆగిపోయింది.

ఆవిడకు నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. "నంబర్లు వేసింది నేనే," అంది. "ఎవరూ వెయ్యమనలేదు. ఆస్పత్రి అలవాటు. ఇకనుంచి వెయ్యను. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి, ఎవరేం తీసుకున్నారో నేను చూడను. గిన్నెలో ఏం మిగిలిందో అది మాత్రం ఇక్కడే తూస్తాను. మీకేం నచ్చలేదో నాకు తెలియాలిగా. గుమ్మడి గింజలు మాత్రం ఒక గరిటే. అంతకంటే వేసుకుంటే రాత్రి అన్నం మానెయ్యాలి."

"మరి నా సంగతేంటక్కా?" అంది పల్లీ. "నంబరు లేకపోతే పల్లీ వచ్చిన కప్పేదో నాకెలా తెలుస్తుంది?"

"వేరుశనగ ఇక ఈ హాల్లోకే రాదమ్మా. గరిటెకి కూడా తగలదు. గొడవే లేదు."

పల్లీ లేచింది. మిగిలినవాళ్ళు బాబాయి వైపు చూశారు. ఆయన నెమ్మదిగా వచ్చి, గిన్నెలను ఒకదాని తరువాత ఒకటి, కాలిన వైరును చూసినట్టు చూశాడు. గిన్నె అడుగు కూడా వంగి చూశాడు.

"ఇందులో కిటుకేంటమ్మా?"

"ఏం లేదు బాబాయ్ గారూ."

"ఏం లేదంటేనే నాకు భయం. నిన్న గాజు గదిలో ఏం మాట్లాడుకున్నారు?"

అబద్ధం చెబితే ఈ మనిషి కనిపెట్టేస్తాడు, అదే ఆయన ఉద్యోగం. "సీటు వారీగా లెక్కడిగారు," అంది ఆవిడ.

"చెప్పానా! చెప్పానా!" అన్నాడు బాబాయి చుట్టూ తిరిగి. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, "ఇచ్చావా?" అన్నాడు.

"ఇవ్వలేదు. ఇవ్వను."

"ఇవ్వకపోతే నీ పనేమవుతుంది?"

"తెలీదు."

ఆయన నమ్మాడని చెప్పలేం. "ముందు నువ్వు తిను," అన్నాడు. ఆవిడ ఒక గుడ్డు ముక్క, రెండు ఆపిల్ ముక్కలు తీసుకుని అక్కడే నిలబడి నమిలింది. ఆయన కూడా అవే తీసుకున్నాడు, ఒక ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. కాసేపటికి కుర్చీలు కదిలాయి.

నెలలో మిగిలిన రోజులు అలాగే గడిచాయి. క్యారెట్లు మిగిలితే తగ్గించింది. పెరుగు రోజున గిన్నె చాలలేదు. గ్లాసులో నీళ్ళు తాగమని గుర్తు చేస్తే, "నీళ్ళు కూడా తూస్తావా అక్కా?" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, ఆవిడ కూడా నవ్వింది. అయినా పరిశీలనగా చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఒకాయన రోజూ కప్పు రెండు చేతులతో కప్పుకుని తన సీటుకు వెళ్ళేవాడు, పరీక్షలో జవాబు దాచుకునే పిల్లాడిలా.

నెలాఖరున హెచ్ఆర్ మేడమ్ అందరూ తినడం అయిపోయే వేళకు హాల్లోకి వచ్చింది. "వివరాలు?" అంది.

"రకం వారీగా ఉన్నాయి మేడమ్. శనగలు ఎంత మిగిలాయి, గుడ్లు ఎంత మిగిలాయి. మనిషి వారీగా లేవు."

"నేనడిగింది అది కాదుగా."

"అది నా దగ్గర లేదు మేడమ్." ఉంది, తలలో ఉంది, మొదటి రోజులది. అది తన తలలోనే ఉండిపోతుందని ఆ క్షణంలో ఆవిడకు రూఢి అయింది.

మేడమ్ పెదవి బిగించింది. అందరి ఎదుటా గొడవ పడటం ఇష్టం లేనట్టు హాలు వైపు తిరిగి గొంతు పెంచింది. "సరే, మీరే చెప్పండి. ఈ ఏర్పాటు ఇలాగే ఉండాలా, బిస్కెట్ల మిషను పెట్టించనా? అక్క ఉండాలనుకునేవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

పల్లీ చెయ్యి భుజం దాకా వచ్చి, పక్కవాళ్ళను చూసి, జుట్టు సర్దుకుంటున్నట్టు ఆగిపోయింది. కప్పు దాచుకునే ఆయన తల వంచుకున్నాడు. అందరూ బాగా తిన్న నోళ్ళే. ఇన్నాళ్ళూ పెట్టినదంతా ఇందుకేనా అనుకుంది పాంట్రీ అక్క.

"చూశారా?" అంది మేడమ్, కొంచెం జాలిగా.

"ఏం చూస్తారండీ?" అని లేచాడు భూతద్దం బాబాయి. "ఎత్తిన చెయ్యి ఎవరిదో తెలుస్తుందిగా. ఎత్తరు. ఇక్కడెవరూ ఎత్తరు. లెక్క కావాలంటే గిన్నెలు చూసుకోండి."

మేడమ్ బల్ల వైపు చూసింది. నాలుగు గిన్నెలూ ఖాళీ. పెరుగు గిన్నె అడుగున ఒకటి రెండు జామ గింజలు, గరిటెకు అంటిన ఓ తెల్లటి చార. తిన్న గిన్నెలు.

"ఆ కుండీల సంగతి నేనూ విన్నాను. ఇదంతా వాటిలోకి పోలేదని నమ్మకమేంటి?" అంది మేడమ్. ఆ ఆఫీసు గాలి ఆవిడకూ పట్టినట్టుంది.

"వెళ్ళి తవ్వుకోండి," అన్నాడు బాబాయి.

మేడమ్ నిజంగానే కిటికీ దాకా వెళ్ళింది. ఒక కుండీలోకి తొంగి చూసింది, రెండో దానిలోకి చూడకుండానే వెనక్కి వచ్చింది. "ఇంకో మూడు నెలలు. ఆ తర్వాత చూద్దాం," అని గాజు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మొత్తాల లెక్కతో ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకుంటారో లేదో ఇక ఆవిడ తంటా.

కీబోర్డులు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరూ పాంట్రీ అక్క వైపు చూడలేదు, అభినందించలేదు. ఆవిడ గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చుకుంటుంటే పక్కన నీడ పడింది. బాబాయి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "రేపేంటమ్మా?" అన్నాడు.

ఆవిడ గిన్నెలు గట్టిగా పట్టుకుంది.

"ఎందుకడుగుతున్నారు?"

బాబాయి ఒక్క నిమిషం తెల్లబోయాడు. తరువాత ఆ ఆఫీసులో ఎవరూ ఎన్నడూ చూడనంత పెద్దగా నవ్వాడు.

"ఆకలేసి," అన్నాడు.